అడ్వాన్స్ కట్టగానే ఫ్లాట్‌లో లోపాలన్నీ మాయం: ఇదేనా కాగ్నిటివ్ డిసొనెన్స్?

సైనిక్‌పురి_సందీప్
మా బావ సంగతి ఒకటి అడగాలి. ఆయన ఆఫీసు గచ్చిబౌలిలో. చాలా రోజులు ఫ్లాట్లు చూసి చూసి చివరికి రెండు మిగిల్చుకున్నారు. ఒకటి కొంపల్లిలో, మూడు బెడ్‌రూమ్‌లు, గాలీ వెలుతురూ బ్రహ్మాండం, కానీ ఆఫీసు ఎక్కడో. రెండోది మణికొండలో, రెండు బెడ్‌రూమ్‌లే, ఆఫీసు దగ్గర, కానీ ఎండాకాలం వస్తే ట్యాంకర్లే గతి. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఆయనే పదికి మార్కులు వేసి పెట్టారు. రెండింటికీ ఏడేసి. "తల పగిలిపోతోంది, మీరే ఏదో ఒకటి తేల్చండి" అని కింద రాశారు.

తర్వాత కొంపల్లిదానికి అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నారు. నెల కూడా తిరగలేదు. మొన్న భోజనాల దగ్గర మణికొండ మాట వస్తే "అదా? అగ్గిపెట్టె. నాలుగు మార్కులు కూడా ఎక్కువే" అన్నారు. కొంపల్లికి ఇప్పుడు తొమ్మిదట. దూరం సంగతి ఎత్తితే "కార్లో ఒక్కణ్ణే ఉంటా కదా, రోజు మొత్తంలో నాకు దొరికే ప్రశాంతత అదే" అన్నారు. ఈయన సిగ్నల్ దగ్గర హారన్ మీద నుంచి చెయ్యి తీయని మనిషి.

సైకాలజీలో కాగ్నిటివ్ డిసొనెన్స్ అంటారే, అది ఇదేనా? లేక మా ముందు పరువు కోసం అలా అంటున్నారా? తేడా ఎలా పట్టుకోవాలి?

ఇరానీచాయ్
అదే అన్నా. చెప్పేదొకటి చేసేదొకటి అయితే దాన్నే కాగ్నిటివ్ డిసొనెన్స్ అంటారు. మా మేనేజర్ పొద్దున హెల్మెట్ మీద లెక్చర్ ఇస్తాడు, సాయంత్రం అదే హెల్మెట్‌ని బండి అద్దానికి తగిలించుకుని పోతాడు. మన నాయకులందరికీ ఉంది ఈ రోగం.

ఇటుకాసిమెంటు
కొంపల్లి తీసుకోవడం కరెక్టే బ్రదర్. రెరా నంబర్ చూశారా? అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలు వస్తోంది? లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కి చూపించకుండా రిజిస్ట్రేషన్‌కి వెళ్లొద్దు.

సైనిక్‌పురి_సందీప్
అన్నా, ప్రశ్న ఫ్లాట్ గురించి కాదు. బావ గురించి.

ఇటుకాసిమెంటు
డాక్యుమెంట్లు బాగుంటేనే బావ బాగుంటాడు.

పాతలెక్చరర్
కాలేజీలో చాలా ఏళ్లు సైకాలజీ చెప్పాను, అందుకని కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక పట్టండి.

ఇరానీచాయ్ గారూ, మీ మేనేజర్‌ది పైకి కనిపించే పొంతనలేనితనం మాత్రమే. దానికి కపటం అని మనకు మామూలు మాట ఉండనే ఉంది. 1957లో లియాన్ ఫెస్టింగర్ ఈ సిద్ధాంతం రాసినప్పుడు పట్టించుకున్నది లోపలి ఇబ్బందిని. ఒకదానితో ఒకటి పొసగని రెండు సంగతులు మన బుర్రలో ఉన్నాయని మనకే తెలిసి, అది గుచ్చుకోవాలి. మీ మేనేజర్‌కి అసలు గుచ్చుకోకపోతే అక్కడ డిసొనెన్స్ లేదు. గుచ్చుకున్నప్పుడు ఆయన ఏమంటాడో వినండి: "ఇక్కణ్ణుంచి ఇక్కడికేగా", "హెల్మెట్ పెడితే వెనక హారన్ వినపడదు". ఆ మాటలు మిమ్మల్ని ఒప్పించడానికే కాదు, తనను తాను ఊరుకోబెట్టుకోవడానికి కూడా.

ఇక సందీప్ గారి బావ. కొంపల్లి తీసుకోవడమంటే దాని దూరాన్ని కూడా కొనుక్కోవడమే, మణికొండ సౌకర్యాన్ని వదులుకోవడమే. "నేను తెలివిగా ఎంచుకున్నాను" అన్న నమ్మకానికి ఈ రెండూ అడ్డం. అగ్రిమెంట్ అయిపోయింది కాబట్టి చేసిన పనిని మార్చలేరు. మార్చగలిగేది అభిప్రాయమే. దాంతో దూరం ప్రశాంతత అయింది, చిన్న ఇల్లు అగ్గిపెట్టె అయింది.

దీని మీద తొలి ప్రయోగం జాక్ బ్రెమ్‌ది, 1956లో అచ్చయింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చదివే అమ్మాయిలకు టోస్టరు, రేడియో, బల్ల దీపం లాంటి ఎనిమిది వస్తువులు చూపించి మార్కులు వేయమన్నారు. తర్వాత రెండిట్లో ఏది నచ్చిందంటే తేల్చుకోలేని పరిస్థితి కొందరికి కల్పించారు, అంటే దాదాపు సమానంగా మార్కులు పడ్డ రెండు వస్తువులు ముందు పెట్టి "ఒకటి తీసుకెళ్లండి" అన్నారు. మరికొందరికి పెద్ద తేడా ఉన్న రెండు పెట్టారు. ఆ తర్వాత అన్నిటికీ మళ్లీ మార్కులు వేయించారు. తీసుకున్న వస్తువు పైకి, వదిలేసింది కిందికి జరిగాయి. తేల్చుకోవడం కష్టమైన వాళ్లలో ఆ జరుగుడు ఎక్కువ. నాకు అన్నిటికంటే నచ్చేది ఇంకో గుంపు. వాళ్లను ఎంచుకోమనలేదు, ఒక వస్తువు ఊరికే చేతిలో పెట్టారు. వాళ్ల మార్కులు పెరగలేదు. వస్తువు మనదైపోయినంత మాత్రాన ముద్దు రాదన్నమాట, మనం ఏరి తెచ్చుకున్నదైతేనే దాన్ని వెనకేసుకొస్తాం.

మీ బావ గారు ఏడు, ఏడు వేశారన్నారు చూడండి, అది సరిగ్గా ఈ కష్టమైన రకం.

ఇరానీచాయ్
అంటే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు.

పాతలెక్చరర్
ఆ సామెతలో మనిషి ఎదుటివాడితో వాదిస్తున్నాడు. ఇక్కడ ఎదురుగా ఎవరూ లేకపోయినా కాళ్లు లెక్కపెట్టేటప్పుడు మూడే కనిపిస్తాయి.

లెక్కలపిచ్చి
మేడం, ఒక అభ్యంతరం. బావ గారు ఏడు, ఏడు వేశారు కాబట్టి రెండూ సమానమని మనం అనుకుంటున్నాం. కానీ మార్కులు తూకపురాయి కావు. ఆయన మనసులో కొంపల్లికి ఏడున్నర, మణికొండకి ఆరున్నర ఉండి ఉండొచ్చు. ఆ రోజు చిరాకులోనో, రౌండ్ చేసేటప్పుడో రెండూ ఏడయ్యాయి. ఆయన కొంపల్లి ఎంచుకోవడమే అసలు ఇష్టం ఎటు ఉందో చెప్పేసింది. మళ్లీ అడిగితే ఆ అసలు ఇష్టం బయటపడుతుంది, మార్కుల మధ్య దూరం పెరుగుతుంది. మనసు ఏమీ మారకుండానే.

కీత్ చెన్, జేన్ రైసెన్ 2010లో ఇదే చూపించారు. ముందు రెండుసార్లు మార్కులు వేయించి, ఎంపిక చివర్లో చేయించారు. అయినా చివరికి ఎంచుకోబోయే వస్తువు రెండోసారి మార్కుల్లోనే పైకి వెళ్లింది. ఎంపిక ఇంకా జరగనే లేదు, సమర్థించుకోవడానికి ఏముంది? యాభై ఏళ్లుగా చేసిన ఆ తరహా ప్రయోగాలన్నిట్లో ఈ పొరపాటు ఉంది.

పాతలెక్చరర్
మంచి అభ్యంతరం, నిజమైనదే. పాత ప్రయోగాలు ఆ తేడాను పెంచి చూపించాయనడంలో సందేహం లేదు.

దాని తర్వాత జరిగింది కూడా చెప్పాలి. అదే 2010లో టాలీ షారట్ బృందం ఒక చమత్కారం చేసింది. సెలవులకు వెళ్లే ఊళ్లకు మార్కులు వేయించి, తర్వాత "రెండు ఊళ్ల పేర్లు కంటికి ఆననంత వేగంగా చూపిస్తాం, మీ మనసు పట్టుకున్న దాన్ని ఎంచుకోండి" అన్నారు. నిజానికి తెర మీద అర్థం లేని అక్షరాలే చూపించారు. ఏ ఊరు "ఎంచుకున్నారో" తర్వాత తెలిపారు. అంటే ఆ ఎంపికలో ఇష్టానికి చోటే లేదు, మీరన్న ఏడున్నర దొర్లడానికి వీల్లేదు. అయినా తాము ఎంచుకున్నామనుకున్న ఊరికి మార్కులు పెరిగాయి. కంప్యూటర్ ఎంచింది అని చెప్పినప్పుడు పెరగలేదు. ఇలా మీ లోపాన్ని తప్పించి చేసిన ప్రయోగాలన్నీ కలిపి 2021లో లెక్కేస్తే ప్రభావం నిలబడింది.

కాబట్టి బావ గారి ఏడు తొమ్మిదవడంలో కొంత మీరన్నది, కొంత నేనన్నది. ఒక్క మనిషి విషయంలో ఎంతెంతో విడదీయలేం.

లెక్కలపిచ్చి
విడదీయలేం అన్నారు కదా, నాకు అది చాలు.

మలక్‌పేట_మామ
మీరంతా ఇంత కష్టపడక్కర్లేదు. ఒకసారి మా మలక్‌పేట రేస్‌కోర్సుకి రండి. టికెట్ కొనేదాకా ప్రతివాడూ పక్కవాడి చేతిలో పుస్తకంలోకి తొంగిచూస్తాడు, "ఏమంటావ్, ఏమంటావ్" అంటాడు. కిటికీ దగ్గర డబ్బు ఇచ్చి చీటీ జేబులో పెట్టుకుని తిరిగాడా, ఇక వాడు వేరే మనిషి. "రాసిపెట్టుకో, ఇదే కొడుతుంది" అంటాడు. రెండు నిమిషాల ముందు వీడికే కాళ్లు వణికాయి. గుర్రం మాత్రం అదే.

పాతలెక్చరర్
మామ గారూ, మీరు చెప్పింది అచ్చంగా ఒక ప్రయోగం. 1968లో నాక్స్, ఇంక్‌స్టర్ అనే ఇద్దరు కెనడాలోని వాంకూవర్ రేస్‌కోర్సులో రెండు డాలర్ల కిటికీ దగ్గర నిలబడ్డారు. ఇంకో అర నిమిషంలో పందెం కట్టబోయే వాళ్లను కొందరిని, కట్టి అర నిమిషమైన వాళ్లను కొందరిని అడిగారు, మీ గుర్రం గెలుస్తుందని ఏడుకి ఎంత నమ్మకం అని. కట్టకముందు సగటు 3.48. కట్టాక 4.81. ఆ కాసేపట్లో గుర్రం గురించి ఎవరికీ కొత్త కబురు తెలియదు.

లెక్కలపిచ్చి గారూ, ఇక్కడ ఎవరినీ రెండుసార్లు అడగలేదు. అడిగించుకున్న వాళ్లందరూ ఏదో ఒక గుర్రాన్ని అనుకుని వరసలో నిలబడ్డ వాళ్లే.

లెక్కలపిచ్చి
ఇది నాకు టోస్టర్ల కంటే నచ్చింది.

ఇరానీచాయ్
అయితే రూల్ దొరికింది. ఎంత డబ్బు పెడితే అంత సమర్థన. రెండు డాలర్లకే అంత నమ్మకం పెరిగితే, ఎనభై లక్షలకి బావ గారికి తొమ్మిది మార్కులు తక్కువే.

పాతలెక్చరర్
మన జేబులోంచి పోయే డబ్బు, పడే కష్టం విషయంలో మీరన్నది చాలామటుకు సరే. మన జేబులోకి వచ్చే డబ్బు దగ్గర లెక్క తిరగబడుతుంది.

1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ల చేత విసుగెత్తే పని చేయించారు. అరగంట సేపు ఒంటి చేత్తో దారపుకండెలు పళ్లెంలో పేర్చడం, తీయడం, మళ్లీ పేర్చడం. ఇంకో అరగంట చెక్క మీది నలభై ఎనిమిది మేకుల్ని ఒక్కోదాన్ని పావు వంతు తిప్పడం. అయ్యాక, బయట కూర్చున్న అమ్మాయికి "పని భలే సరదాగా ఉంది" అని చెప్పమన్నారు. అలా చెప్పినందుకు కొందరికి ఒక డాలరు, కొందరికి ఇరవై. తర్వాత వేరే మనిషి వచ్చి, పని నిజంగా ఎలా ఉందని అడిగాడు. అబద్ధం చెప్పే పనే పడని వాళ్లు మైనస్ అయిదు నుంచి ప్లస్ అయిదు దాకా ఉన్న కొలతలో మైనస్ 0.45 అన్నారు. ఇరవై తీసుకున్నవాళ్లు కూడా దాదాపు అంతే, మైనస్ 0.05. ఒక్క డాలరు తీసుకున్నవాళ్లు ప్లస్ 1.35.

ఇరవై డాలర్లు తీసుకున్నవాడికి "డబ్బు కోసం అన్నాను" అనే జవాబు సిద్ధంగా ఉంది, లోపల గుచ్చుకునేదేమీ లేదు. ఒక్క డాలరుకి అబద్ధమాడానని ఒప్పుకోవడం చిన్నతనం. అంతకంటే "పని అంత చెత్తగా ఏం లేదులే" అనుకోవడం తేలిక.

ఇరానీచాయ్
మేడం, ఇవన్నీ అమెరికా కాలేజీ పిల్లల మీద చేసినవే కదా. మనవాళ్లకి వర్తిస్తాయా?

పాతలెక్చరర్
సిద్ధాంతానికి విత్తనం పడింది మన దగ్గరే. 1934 జనవరిలో బిహార్ భూకంపం వచ్చినప్పుడు జమున ప్రసాద్ అనే మనస్తత్వవేత్త అక్కడి పుకార్లు సేకరించారు. అదురు తెలిసినా ఇళ్లు కూలని ప్రాంతాల్లో కూడా "ఇంకా పెద్దది రాబోతోంది, వరద ముంచేస్తుంది" అన్న పుకార్లు పాకాయి. బతికి బయటపడ్డవాళ్లు ధైర్యం చెప్పుకోవాలి గానీ మరింత భయపెట్టుకోవడమేమిటని ఫెస్టింగర్ ఆలోచనలో పడ్డారు. వాళ్లు అప్పటికే భయపడి ఉన్నారు, కళ్ల ముందు భయపడాల్సిందేమీ లేదు, కాబట్టి ఆ భయానికి తగ్గ కారణాన్ని పుకారు అందించింది. అక్కడే ఆయనకు దారి దొరికింది.

వసుధ_కూకట్‌పల్లి
ఇదంతా చదువుతుంటే నాకు గుండెలో రాయి పడింది. మా అబ్బాయిని ఇంటర్‌కి రెసిడెన్షియల్‌లో వేశాం. ఫీజు దాదాపు మొత్తం ముందే కట్టించుకున్నారు. వాడు ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా నిద్ర చాలట్లేదంటాడు. పోయిన వారం మా ఆడపడుచు అడిగితే నేనేమన్నానో తెలుసా, "ఇప్పుడు నిద్ర తగ్గితే రేపు హాయిగా పడుకుంటాడు" అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మాట నాకే ఎవరో అన్నట్టు వినపడింది. నాదీ డిసొనెన్సేనా మేడం?

పాతలెక్చరర్
వసుధ గారూ, ఒక్కటి అడుగుతాను. మీ చెల్లెలు తన కొడుకుని వచ్చే ఏడాది అక్కడే వేయనా అని మిమ్మల్ని విడిగా అడిగితే ఏం చెబుతారు?

వసుధ_కూకట్‌పల్లి
వద్దంటాను. మారు మాట లేకుండా.

పాతలెక్చరర్
అయితే మీ అభిప్రాయం మారలేదు. ఆడపడుచు ముందు మీరు చేసింది పైపైన సమర్థించుకోవడం, లోపల ఇబ్బంది అలాగే ఉంది. డిసొనెన్స్ ఉంది, అది ఇంకా తీరలేదు. పూర్తిగా తీరిపోయినవాళ్లకు మాట తమకే వేరేగా వినపడదు, చెల్లెలి కొడుకుని కూడా ఆనందంగా చేర్పిస్తారు. ఇక ఫీజు కట్టేశాం కదా అని కొనసాగించడం ఇంకో సంగతి. పోయిన డబ్బు వెంట పోవడం అది, అభిప్రాయం ఏమీ మారకుండా కూడా జరుగుతుంది.

నిద్ర విషయం మాత్రం ఇక్కడ చర్చించేది కాదు. ఈ ఆదివారం దాకా ఆగకుండా వెళ్లి వాణ్ణి చూసి రండి.

సందీప్ గారూ, మీ ప్రశ్నకు కూడా నా జవాబు ఇదే దారిలో ఉంటుంది. మీ ముందు ఏమన్నారన్నది కాదు, పరువు పోయే పని లేనిచోట, తన డబ్బు కాని చోట ఏ సలహా ఇస్తున్నారో చూడండి.

లెక్కలపిచ్చి
అందరూ ఒప్పేసుకుంటున్నారు కాబట్టి కాస్త నీళ్లు చల్లుతాను. 2024లో 39 ల్యాబులు, 4,898 మందితో ఈ సిద్ధాంతానికి చెందిన ఒక పేరున్న ప్రయోగాన్ని తిరిగి చేశాయి. తమ అభిప్రాయానికి వ్యతిరేకంగా వ్యాసం రాయించడం. "మీ ఇష్టం, రాయకపోయినా ఫర్వాలేదు" అన్నవాళ్లలో మనసు ఎక్కువ మారాలి, "రాయాల్సిందే" అన్నవాళ్లలో తక్కువ మారాలి. ఆ రెండు గుంపుల మధ్య తేడా రాలేదు. మేడం చెప్పిన ఒక డాలరు కథకి వెన్నెముక ఆ స్వేచ్ఛే కదా?

పాతలెక్చరర్
అవును, అది పెద్ద దెబ్బే. అందులోనే ఇంకో ఫలితం కూడా ఉంది: వ్యతిరేకంగా రాసిన వాళ్ల అభిప్రాయం, సంబంధం లేని విషయం మీద రాసిన వాళ్లతో పోలిస్తే, తాము రాసిన వైపుకి జరిగింది. అంటే ఏదో కదులుతోంది. స్వేచ్ఛ ఉంటేనే కదులుతుందన్న మాట మాత్రం తేలలేదు. "మీ ఇష్టం" అని కాగితం మీద రాసినంత మాత్రాన కుర్రాళ్లకు నిజంగా స్వేచ్ఛ ఉన్నట్టు అనిపించిందా అని కొందరి వాదన. నాకు ఆ వాదన కాస్త సాకులాగే అనిపిస్తుంది.

ఇరానీచాయ్
డిసొనెన్స్ వాళ్లకే డిసొనెన్స్!

ఇటుకాసిమెంటు
ఇంత చర్చలో అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. అగ్రిమెంట్‌లో క్యాన్సిలేషన్ క్లాజ్ ఏముంది? అడ్వాన్స్ వెనక్కి వస్తుందా?

పాతలెక్చరర్
మీరు తెలియకుండానే సరైన చోట వేలు పెట్టారు. 2002లో గిల్బర్ట్, ఎబర్ట్ ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులకు తాము తీసిన రెండు ఫొటోల్లో ఒకటి ఉంచుకోమన్నారు. కొందరికి "తర్వాత మార్చుకోవచ్చు" అన్నారు, కొందరికి ఇక మార్చడం లేదన్నారు. మార్చుకునే వీల్లేని వాళ్లే తమ ఫొటోని ఎక్కువ ఇష్టపడ్డారు. తలుపు తెరిచి ఉన్నంత సేపు మనసు సర్దుకునే పని మొదలుపెట్టదు. ముందే అడిగితే మాత్రం అందరూ మార్చుకునే అవకాశమే కావాలంటారు.

సైనిక్‌పురి_సందీప్
రెండు కబుర్లు. మేడం చెప్పిన పరీక్ష అనుకోకుండా జరిగిపోయింది. మా పెదనాన్న కొడుకు ఆఫీసు కూడా గచ్చిబౌలే, ఫ్లాట్ వెతుకుతున్నాడు. బావ వాణ్ణి వెంటబెట్టుకుని అదే అపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్లి, పై అంతస్తులో ఖాళీ ఉన్నది చూపించారట. కాబట్టి పరువు కోసం కాదు, నిజంగానే నమ్ముతున్నారు.

రెండోది అక్క చెప్పింది. రాత్రి అందరూ పడుకున్నాక బావ ఫోన్లో మణికొండ ఫ్లాట్ల రేట్లు చూస్తున్నారట. క్యాన్సిలేషన్‌కి ఇంకా గడువు ఉందట. ఇప్పుడు దీన్నేమనాలి?

మలక్‌పేట_మామ
చీటీ కొన్నాక కూడా బోర్డు మీద పక్క గుర్రం రేటు చూడనివాడు లేడు.

పాతలెక్చరర్
రెండు రకాలుగా చెప్పొచ్చు. నిర్ణయం అయిన కొత్తల్లో కాసేపు వెనక్కి లాగడం, వదిలేసిందే బాగుందనిపించడం ఈ రంగంలో తెలిసిన విషయమే. లేదా "మంచి పని చేశాను" అనడానికి సాక్ష్యం వెతుక్కుంటూ ఉండొచ్చు. కొత్త కారు కొన్నవాళ్లు తాము కొన్న కారు ప్రకటనల్నే ఎక్కువ చదువుతారని 1957లోనే గమనించారు. కానీ ఈయన చూస్తున్నది కొనని దాన్ని.

లెక్కలపిచ్చి
ఊరికే ఊహించడమెందుకు, రేటు పెరిగిన వాటి దగ్గర ఆగుతున్నారా, తగ్గిన వాటి దగ్గరా?

సైనిక్‌పురి_సందీప్
అక్కని అడిగాను. "లైట్ వేస్తే ఫోన్ తిప్పేస్తున్నారు, ఎలా చూడను" అంటోంది.

ఇటుకాసిమెంటు
గడువు ఏ తేదీకి అయిపోతుందో అది చెప్పండి ముందు.